పిల్లలకు గడియారం, పెద్దలకు క్యాలెండర్

పిల్లాడు మెట్ల మీంచి దొర్లాడు. గుక్కపట్టి ఏడ్చాడు, కాసేపటికి ఊరుకున్నాడు. తలమీద నిమ్మకాయంత బొప్పి. ఇంట్లో పెద్దావిడ చీరకొంగు ముడిచి, నోటితో ఆవిరి పట్టి, దాని మీద ఒత్తుతూ ఒక మాట అంటుంది: "బొప్పి బయటికి కట్టింది కదా, ఇంక లోపలేమీ ఉండదులే." రామంతాపూర్‌లో ఈ మాట నేను చాలా ఇళ్ళల్లో విన్నాను. మా ఇంట్లోనూ విన్నాను. విన్నప్పుడల్లా ధైర్యంగానే ఉంటుంది. కానీ ఆ మాట నిజం కాదు.

బొప్పి కట్టేది పుర్రె బయట, చర్మం కింద చిట్లిన రక్తనాళాల రక్తంతో. లోపల కారే రక్తం వేరే నాళాలది, వేరే పొరల మధ్యది. బయటికి వచ్చినంత మాత్రాన లోపలిది ఆగిపోదు. పైగా రెండేళ్ళ లోపు పిల్లల్లో బొప్పి ఎక్కడ కట్టిందన్నది వైద్యులు ప్రత్యేకంగా చూస్తారు. నుదుటి మీద కడితే దాన్ని అంతగా పట్టించుకోరు. చెవి పైన, తల పక్కన, వెనక వైపు మెత్తగా ఉబ్బితే మాత్రం కింద ఎముక చిట్లిందేమోనన్న అనుమానం మొదలవుతుంది. అంటే మన ఇళ్ళల్లో ఊరటనిచ్చే గుర్తే, చోటు మారితే, ఆసుపత్రిలో హెచ్చరిక అవుతుంది.

తలకు దెబ్బ తగిలిన ప్రతివాళ్ళకీ స్కాన్ తీయాలా, తీయకపోతే ఎంతసేపు కనిపెట్టుకుని ఉండాలి, ఏది కనిపిస్తే పరుగెత్తాలి? ఈ ప్రశ్న మీద యాభై ఏళ్ళుగా పని జరిగింది. అదంతా చదివాక నాకు తేలిందేమిటంటే, పిల్లల విషయంలో చూడాల్సింది గోడ గడియారం, పెద్దవాళ్ళ విషయంలో గడియారంతో పాటు దాని పక్కన వేలాడే క్యాలెండర్ కూడా. దెబ్బ ఒకటే, పుర్రె ఒకటే. ఈ తేడాకు కారణం పుర్రెలో మిగిలిన ఖాళీ.

పుర్రె మూత బిగించిన డబ్బా. అందులో మెదడు, రక్తం, మెదడు చుట్టూ ఉండే నీరు మూడూ సర్దుకుని ఉంటాయి. నాలుగోది లోపలికి రావాలంటే ఈ మూడింటిలో ఏదో ఒకటి చోటివ్వాలి. ఈ సంగతిని స్కాట్లాండ్ వైద్యుడు అలెగ్జాండర్ మన్రో 1783లోనే చెప్పాడు. లోపల రక్తం కారడం మొదలైతే ముందుగా ఆ నీరు వెన్ను వైపు జారుకుంటుంది, సిరల్లో రక్తం కొంత కిందికి దిగుతుంది. అంతవరకూ మనిషి బాగానే ఉంటాడు: మాట్లాడతాడు, తింటాడు, ఫోన్ చూస్తాడు. సర్దుకునే చోటు అయిపోయాక ఇంకో రెండు చెంచాల రక్తం చేరినా ఒత్తిడి అమాంతం పెరుగుతుంది. అందుకే ఇలాంటి కేసుల్లో ఇంటివాళ్ళు ఎప్పుడూ ఒకే మాట చెబుతారు, "ఇప్పటిదాకా బాగానే ఉన్నాడండీ" అని. అది అబద్ధమూ కాదు, అజాగ్రత్తా కాదు. ఆ డబ్బా పనిచేసే తీరే అంత.

కణత దగ్గర పుర్రె ఎముక పల్చన. దాని లోపలి వైపు గాడిలో ఒక ధమని పోతుంది. అక్కడ ఎముక చిట్లితే ఆ ధమని తెగి, పుర్రెకూ మెదడు పై పొరకూ మధ్య రక్తం పోగవుతుంది. ధమని కాబట్టి ఒత్తిడితో వస్తుంది, గంటల్లో నిండుతుంది. దెబ్బ తగిలినప్పుడు ఒక్క క్షణం తెలివి తప్పి, మళ్ళీ తేరుకుని, బాగా ఉండి, తర్వాత కూలిపోవడం దీని పాత లక్షణం. 2009 మార్చిలో కెనడాలో మంచు మీద స్కీయింగ్ నేర్చుకుంటూ పడిన నటి నటాషా రిచర్డ్‌సన్‌కు జరిగింది ఇదే. లేచి నవ్వుతూ మాట్లాడింది, వైద్య సాయం వద్దంది. గంటకు అటూ ఇటూగా తలనొప్పి మొదలైంది. రెండు రోజుల్లో చనిపోయింది. ఆవిడ వయసు 45. అంటే ఇది పిల్లలకే వచ్చేది కాదు. కానీ ఈ గంటల లెక్క పిల్లల ఇంట్లో తెలిసి ఉండటం ఎక్కువ అవసరం. ఎందుకంటే "తలనొప్పి పెరుగుతోంది" అని చెప్పే నోరు మూడేళ్ళ పిల్లకు ఉండదు.

స్కాన్ రాకముందు వైద్యుల చేతిలో ఉన్నది ఎక్స్‌రే, టార్చిలైటు, అనుమానం. ఎక్స్‌రే ఎముకనే చూపిస్తుంది, రక్తాన్ని చూపించదు. ఈ రోజుకీ "ఎక్స్‌రే తీశారండి, ఏమీ లేదన్నారు" అని నిశ్చింతగా ఇంటికొచ్చేవాళ్ళున్నారు. ఆ నిశ్చింతకు ఆధారం లేదు. 1971 అక్టోబరులో లండన్ దగ్గర ఒక ఆసుపత్రిలో మొదటిసారి మనిషి తలకు సీటీ స్కాన్ తీశారు. 1974లో గ్లాస్గోలో టీజ్‌డేల్, జెనెట్ అనే ఇద్దరు శస్త్రవైద్యులు తెలివిని అంకెల్లో కొలిచే పద్ధతి తెచ్చారు. ఇప్పుడు వాడే రూపంలో కళ్ళు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, మొత్తం 15. పూర్తి తెలివి ఉంటే 15, ఏమీ లేకపోతే 3. మరుసటి ఏడాది అదే గ్లాస్గో బృందం దెబ్బ తర్వాత మాట్లాడి, ఆపైన చనిపోయినవాళ్ళను విడిగా పరిశీలించింది. మాట్లాడగలిగాడంటే మెదడు మొదటి దెబ్బకు చెడలేదని అర్థం. అతణ్ణి చంపింది ఆ తర్వాత జరిగింది, ముఖ్యంగా లోపల పోగైన రక్తం. వేళకు కనిపెట్టి ఉంటే వాళ్ళలో చాలామంది బతికేవారు. ఈ రంగంలో తర్వాత వచ్చిన నియమాలన్నీ ఆ చేదు లెక్కలోంచే పుట్టాయి.

పిల్లల మీద జరిగిన వాటిలో పెద్ద పని 2009లో అచ్చయింది. ఉత్తర అమెరికాలో 25 ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు తలదెబ్బతో వచ్చిన 42,412 మంది పిల్లలను గమనించారు. అందరూ మెలకువగానో, దాదాపు మెలకువగానో వచ్చినవాళ్ళే. వీళ్ళలో నిజంగా ప్రమాదకరమైన మెదడు గాయం ఉన్నది 376 మందికి, వందలో ఒకరి కంటే తక్కువ. మెదడు ఆపరేషన్ అవసరమైంది 60 మందికి. స్కాన్ మాత్రం మూడింట ఒక వంతు మందికి పైగా తీశారు. అవసరం లేని స్కాన్‌కు ఖరీదు డబ్బు ఒక్కటే కాదు. పసి మెదడు మీద పడే రేడియేషన్ వల్ల దశాబ్దాల తర్వాత క్యాన్సర్ ముప్పు కొద్దిగానైనా పెరుగుతుంది. కాబట్టి అందరికీ తీయకుండా, ఆ కొద్దిమందిని వదిలేయకుండా ఎలా అన్నదే వాళ్ళు పరిష్కరించుకోవాల్సిన చిక్కు.

వాళ్ళు పిల్లలను మూడు గుంపులు చేశారు. తెలివిలో తేడా ఉన్నా, పుర్రె విరిగిన గుర్తులున్నా ప్రమాదం వందలో నాలుగు పైన, వెంటనే స్కాన్. అవి లేకుండా కాసేపు స్పృహ తప్పడం, వాంతి, తీవ్రమైన తలనొప్పి, గట్టి దెబ్బ, వీటిలో ఏదైనా ఉంటే వందలో ఒకటికి దగ్గర. ఇక్కడ కాసేపు కనిపెట్టి చూడొచ్చు, లేదా స్కాన్ తీయొచ్చు. ఇవేవీ లేకపోతే ప్రమాదం రెండు వేలల్లో ఒకటి కూడా లేదు, స్కాన్ అక్కర్లేదు. గట్టి దెబ్బంటే ఏమిటో కూడా కొలిచి చెప్పారు. రెండేళ్ళు దాటినవాళ్ళు ఐదు అడుగుల పైనుంచి, రెండేళ్ళ లోపు వాళ్ళు మూడు అడుగుల పైనుంచి పడటం, నడుస్తూనో, హెల్మెట్ లేకుండా సైకిల్ మీదనో ఉండగా బండి గుద్దడం. మన డాబా పిట్టగోడ ఎత్తు ఒక్కసారి మనసులో కొలుచుకోండి. నాలుగేళ్ళ పిల్లాణ్ణి స్కూటరు ముందు నిలబెట్టి హబ్సిగూడ సిగ్నల్ దాటించే తండ్రులకైతే వేరే కొలత అక్కర్లేదు.

ఇక వాంతి. తలదెబ్బ తర్వాత వాంతి అయితే ఇంట్లో అందరికీ గుండె ఆగిపోతుంది. నిజానికి దెబ్బ తిన్న పిల్లల్లో వాంతి చాలా మామూలు. ఏడ్చి ఏడ్చి, భయానికి, అప్పుడే తాగిన పాలకు కూడా అవుతుంది. ఆ అమెరికా పిల్లల్లోనే వాంతి తప్ప ఇంకే గుర్తూ లేనివాళ్ళను విడిగా లెక్కేస్తే ప్రమాదకరమైన గాయం వెయ్యిలో ఇద్దరికే తేలింది. అలాగని కొట్టిపారేయొద్దు. వాంతికి జత దొరికితే లెక్క మారిపోతుంది. వాంతితో పాటు మగత, వాంతితో పాటు పెరిగే తలనొప్పి, వాంతితో పాటు ఎత్తునుంచి పడటం. ఇంగ్లండ్ మార్గదర్శకాలు పిల్లల్లో విడివిడిగా మూడుసార్లు అయితేనే వాంతిని గుర్తుగా లెక్కిస్తాయి. విడివిడిగా అన్నమాట ముఖ్యం. ఒకే ఊపులో నాలుగుసార్లు కక్కితే అది ఒక్కటే వాంతి. అరగంట ఆగి, ఏమీ తినకుండానే మళ్ళీ అయితే అది రెండోది. వాంతుల మధ్య ఎడం ఎంతో, చివరిది ఎప్పుడో చెప్పగలిగితే వైద్యుడికి సగం పని అయిపోతుంది.

మగత గురించి ఇంకొంచెం ఆగి చెప్పాలి. తలదెబ్బ తగిలితే నిద్రపోనివ్వకూడదని మనవాళ్ళు పిల్లల్ని రాత్రంతా కుదిపి కూర్చోబెడతారు. నిద్ర చేసే కీడేమీ లేదు. నిద్రకూ మగతకూ తేడా తెలియకపోవడమే కీడు. వేళకు పడుకున్న పిల్లను భుజం పట్టి లేపితే విసుక్కుంటుంది, చెయ్యి తోసేస్తుంది, "అమ్మా, పడుకోనీ" అంటుంది, అటు తిరిగి పడుకుంటుంది. ఆ విసుగే ఆరోగ్యం. మగతలో ఉన్న పిల్ల కళ్ళు తెరుస్తుంది గానీ చూపు మన మీద నిలవదు. పేరు అడిగితే ఆలస్యంగా, తప్పుగా చెబుతుంది, లేదా చెప్పదు. కూర్చోబెడితే తల వాలిపోతుంది. ఇంకో ఆధారం వేళ. రోజూ తొమ్మిదిన్నరకు నిద్రపోయే పిల్ల సాయంత్రం ఏడింటికే, టీవీలో తనకిష్టమైన బొమ్మలు వస్తుండగా, సోలిపోతే అది నిద్ర కాదు.

ఊహకు ఒక ఇల్లు తీసుకుందాం. రామంతాపూర్ లోపలి వీధుల్లో రెండంతస్తుల ఇల్లు, ఆరేళ్ళ పిల్లాడు. సాయంత్రం ఆరున్నరకు డాబా మెట్ల పక్క గోడ మీంచి, ఆరడుగుల ఎత్తునుంచి కింద బండల మీద పడ్డాడు. వెంటనే ఏడ్చాడు, అంటే స్పృహ తప్పలేదు. కుడి చెవి పైన బొప్పి. ఏడింటికి లేచి ఆడుకుంటున్నాడు. నాయనమ్మ బొప్పి చూసి ధైర్యం చెప్పింది. ఏడున్నరకు రెండు ఇడ్లీలు తిన్నాడు. ఎనిమిదింబావుకు వాంతి అయింది. తిన్నది పడలేదనుకున్నారు. తొమ్మిదికి మళ్ళీ, ఈసారి నీళ్ళే. పిల్లాడు తలపట్టుకుని మంచం మీద ముడుచుకుపోయాడు. "నిద్రొస్తోంది పాపం, పడుకోనీ అమ్మా" అంది నాయనమ్మ కోడలితో. తొమ్మిదీ ముప్పావుకు తల్లి లేపబోతే కళ్ళు తెరిచాడు, "నాన్నా, చిన్నూ, ఇటు చూడు" అంటే చూడలేదు.

ఈ కథలో నిర్ణయం ఎప్పుడు జరగాలి? అమెరికా లెక్కలో ఆరున్నరకే. ఐదడుగుల పైనుంచి పడ్డాడు కాబట్టి మధ్య గుంపులో చేరిపోయాడు, ఆడుకుంటున్నా సరే ఒకసారి వైద్యుడు చూడాలి. ఇంగ్లండ్ లెక్క ఇంకొంచెం ఆగుతుంది. వాళ్ళకు గట్టి దెబ్బంటే మూడు మీటర్ల పైమాట, వాంతులు మూడు కావాలి. తొమ్మిది గంటలకు ఆ లెక్కలో ఇంకా ఒక్క గీటూ పడలేదు. తొమ్మిదీ ముప్పావుకు పిలుపుకు సరిగా పలకనప్పుడు మాత్రం రెండు దేశాల పుస్తకాలూ ఒకే మాట చెబుతాయి: స్కాన్, ఇప్పుడే. నా మటుకు నేను రెండో వాంతి దగ్గరే బయల్దేరమంటాను. మొదటి వాంతికి ఇడ్లీ వంక ఉంది, రెండోదానికి లేదు. ఆపైన తలనొప్పి తోడైంది. అన్నిటికంటే ముఖ్యంగా దిశ మారింది. ఏడింటికి ఆడిన పిల్లాడు తొమ్మిదికి ముడుచుకున్నాడు. దెబ్బ తర్వాత గంటగంటకూ తేరుకోవాలి, తేరుకున్నవాడు వెనక్కి జారకూడదు.

ఈ విదేశీ నియమాల్లో "కనిపెట్టి చూడటం" అంటే ఆసుపత్రి మంచం మీద, నర్సు మధ్యమధ్యలో వచ్చి కళ్ళల్లో లైటు వేసి చూస్తుండగా కనీసం నాలుగు గంటలు. మన దగ్గర కనిపెట్టేది చాలాసార్లు అమ్మమ్మే, అదీ సీరియల్ చూస్తూ. అలాంటప్పుడు అవే అంకెలను ఇక్కడికి తెచ్చి అంటించడం కుదరదు. తార్నాకలో ఉన్నవాళ్ళకు గాంధీ ఆసుపత్రి దగ్గర, అర్ధరాత్రి తేడా వచ్చినా చేరగలరు. అదే పిల్లాడు సెలవులకు చౌటుప్పల్ దాటి లోపలి ఊరికి వెళ్ళి పడితే, "ఇంకో గంట చూద్దాం" అనుకోవడానికి ఆ గంట ఉండదు. స్కాన్ ఎంత దూరమో, ఆలోచనా అంత ముందు.

ఇంకో చిక్కు, మందులు. వాంతి కాగానే చాలా ఇళ్ళల్లో ఫ్రిజ్‌లో మిగిలిన వాంతి మందు తాగిస్తారు, లేదా పక్క వీధి క్లినిక్‌లో ఇంజెక్షన్ ఇప్పిస్తారు. వాంతి ఆగుతుంది, లోపల కారణం ఆగదు, గుర్తు మాత్రం పోతుంది. జలుబు సిరప్‌లలో చాలావాటికి నిద్ర తెచ్చే గుణం ఉంది. దెబ్బ తగిలిన సాయంత్రం అది పోస్తే మగత దేనివల్లో ఎవరికీ తెలియదు. నొప్పికి వయసుకు తగ్గ పారాసిటమాల్ చాలు.

ఏడాది లోపు పిల్లల సంగతి వేరు. వాళ్ళ పుర్రె ఎముకలు ఇంకా అతుక్కోలేదు, నడినెత్తిన మాడు మెత్తగా ఉంటుంది. డబ్బాకు మూత సరిగా బిగియలేదన్నమాట. అందుకే లోపల రక్తం చేరుతున్నా ఒత్తిడి గుర్తులు ఆలస్యం కావచ్చు. ఏడవనప్పుడు, నిలువుగా ఎత్తుకున్నప్పుడు కూడా మాడు ఉబ్బి బిగుసుకుని కనిపిస్తే, పాలు పట్టకపోతే, ఏడుపు సన్నగా కీచుగా మారితే, వాంతి ఒకటా రెండా అని లెక్కపెట్టుకుంటూ కూర్చోవద్దు. "వీడి తీరు ఎప్పటిలా లేదు" అని తల్లి అంటే, ఆ మాట కూడా ఆ అమెరికా నియమంలో ఒక గుర్తే.

ఇప్పుడు క్యాలెండర్ దగ్గరికి. తార్నాక, హబ్సిగూడ చుట్టుపక్కల పదవీ విరమణ చేసినవాళ్ళు ఎక్కువ. పరిశోధన సంస్థల్లో పనిచేసినవాళ్ళు, రైల్వేవాళ్ళు, ఆర్టీసీవాళ్ళు, యూనివర్సిటీ మాస్టార్లు. తెల్లవారుజామున ఆర్ట్స్ కాలేజీ ముందు నడిచేవాళ్ళలో సగం తలలు నెరిసినవే. డెబ్బై దాటిన మెదడు కొంత కుంచించుకుపోతుంది. అది జబ్బు కాదు, వయసు. కానీ మెదడుకూ పుర్రెకూ మధ్య ఎడం పెరుగుతుంది. ఆ ఎడాన్ని దాటుతూ సన్నటి సిరలు వంతెనల్లా సాగి బిగుతుగా ఉంటాయి. చిన్న కుదుపుకే అవి చిట్లుతాయి. బాత్రూంలో జారి గోడకు తల తగలడం, మంచం దిగుతూ తూలడం, ఆటో కుదుపుకు పైకడ్డీ తగలడం చాలు. ఒక్కోసారి తల దేనికీ తగలకుండా గట్టిగా కూలబడినా చాలు. సిర కాబట్టి రక్తం మెల్లగా వస్తుంది, లోపల ఖాళీ ఉంది కాబట్టి ఒత్తిడి పెరగదు. రెండు మూడు వారాల్లో ఆ రక్తం కరిగి నీరవుతుంది, చుట్టూ పొర కడుతుంది, ఆ పొరలోంచి మళ్ళీ కొద్దికొద్దిగా ఊరుతుంది. ఖాళీ నిండిన రోజు లక్షణం బయటపడుతుంది. అప్పటికి పడిన సంగతి ఇంట్లో అందరూ మర్చిపోయి ఉంటారు.

మైసూరులో తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టిన సద్గురు జగ్గీ వాసుదేవ్‌కు 2024లో వచ్చిన కష్టం ఈ కాలక్రమాన్ని కళ్ళకు కట్టిస్తుంది. అప్పటికి ఆయన వయసు 66. ఢిల్లీలో చికిత్స చేసిన అపోలో ఆసుపత్రి చెప్పిన ప్రకారం ఆయనకు నాలుగు వారాలుగా తీవ్రమైన తలనొప్పి. దాన్ని ఓర్చుకుంటూనే మార్చి 8న మహాశివరాత్రి జాగరణ కార్యక్రమం నడిపించారు. మార్చి 15న నొప్పి మరీ ఎక్కువై వైద్యుడికి చూపించుకుంటే, ఎంఆర్ఐలో మెదడు పైన పెద్ద రక్తస్రావం కనిపించింది. కొంత మూడు నాలుగు వారాల పాతది, కొంత ఒకటి రెండు రోజుల కొత్తది. నొప్పి మందులతో ఇంకా ఒప్పుకున్న పనులు కొనసాగించారు. మార్చి 17న ఎడమ కాలు బలహీనపడింది, మళ్ళీ మళ్ళీ వాంతులు, మగత. సీటీలో మెదడు ఒక పక్కకు జరిగిపోయి ఉంది. కొద్ది గంటల్లో ఆపరేషన్ చేశారు. 27న ఇంటికి పంపారు. నాలుగు వారాలు తలనొప్పి ఒక్కటే. చివరి రెండు రోజుల్లో వాంతి, మగత, కాలు మూడూ వచ్చాయి. పాత రక్తం మీద కొత్త రక్తం చేరడంతో ఖాళీ అయిపోయింది. ఆయన చుట్టూ మనుషులున్నారు, పెద్ద ఆసుపత్రి అందుబాటులో ఉంది, అయినా అంతదాకా వచ్చింది.

అందరికీ అలా తిరిగి రావడం రాసి ఉండదు. మాజీ రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ 2020 ఆగస్టులో ఇంట్లో జారిపడ్డారు. మెదడులో గడ్డ తీయడానికి 10న ఆపరేషన్ చేశారు, అదే సమయంలో కోవిడ్ కూడా ఉన్నట్టు తేలింది. నెలాఖరున 31న కన్నుమూశారు. అప్పుడాయనకు 84.

పెద్దవాళ్ళలో వాంతి, తలనొప్పి అసలు రాకపోవచ్చు. బదులుగా వచ్చేవి ఇంట్లోవాళ్ళు వయసు ఖాతాలో వేసేసేవి. నడుస్తుంటే ఒక కాలి చెప్పు జారిపోవడం, అదీ ఎప్పుడూ ఒకే కాలిది. అన్నం కలుపుతుంటే ముద్ద జారడం. పేపరు తెరిచి అదే పేజీ పట్టుకుని కూర్చోవడం. పగలంతా కునుకు. బాత్రూంకి వెళ్ళేలోపే ఆగకపోవడం. ఒకరోజు బాగుండి, మరుసటి రోజు తికమకపడి, మళ్ళీ బాగుండటం. చాలామందిని మతిమరుపు జబ్బనుకుని, పక్షవాతమనుకుని తీసుకెళ్తారు. మతిమరుపు ఏళ్ళ మీద వస్తుంది, పక్షవాతం నిమిషాల్లో వస్తుంది. వారాల్లో దిగజారితే ఈ రెండూ కాని మూడోదాన్ని వెతకాలి. "ఈ మధ్య ఎప్పుడైనా పడ్డారా?" అని ఒకటికి రెండుసార్లు అడగాలి. పెద్దవాళ్ళు పడ్డ సంగతి దాస్తారు. పడ్డానంటే కొడుకు ఒంటరిగా బయటికి పోనివ్వడని భయం.

స్కాన్‌లో కూడా ఒక మెలిక ఉంది. సీటీలో తాజా రక్తం తెల్లగా మెరుస్తుంది, నెల దాటిన రక్తం నల్లగా నీళ్ళలా కనిపిస్తుంది. ఈ రెంటి మధ్య, సుమారు రెండో వారంలో, దాని రంగు మెదడు రంగులో కలిసిపోతుంది. రెండు పక్కలా సమానంగా ఉంటే మెదడు ఒక వైపుకు జరిగిన జాడ కూడా ఉండదు, చూసే కన్ను తడబడొచ్చు. కాబట్టి స్కాన్ రాసే వైద్యుడికి పడిన తేదీ చెప్పాలి. తేదీ తెలిస్తే ఏ రంగు కోసం వెతకాలో వాళ్ళకు తెలుస్తుంది, అనుమానం ఉంటే ఎంఆర్ఐ తీయిస్తారు.

రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్ళకు వారాల లెక్క నమ్మకం లేదు. గుండె కవాటం మార్చినవాళ్ళు వాడే ఎసిట్రోమ్, వార్ఫరిన్, గుండె లయ తప్పినవాళ్ళకిచ్చే ఎపిక్సబాన్, డబిగాట్రాన్, స్టెంటు వేసినవాళ్ళ క్లోపిడోగ్రెల్ ఇలాంటివి. వీళ్ళు తలకు దెబ్బ తగిలేలా పడితే, ఏ లక్షణం లేకపోయినా, అదే రోజు వైద్యుడికి చూపించి స్కాన్ సంగతి తేల్చుకోవాలి. అయితే భయంతో మాత్ర మీకు మీరే ఆపేయకండి. కవాటం మీద రక్తం గడ్డకడితే అది ఇంకో ప్రాణాపాయం. ఆపాలో, విరుగుడు ఇవ్వాలో వైద్యుడు చెప్పాలి. మొదటి స్కాన్ శుభ్రంగా ఉన్నా వీళ్ళలో కొద్దిమందికి తర్వాత కారవచ్చు, కాబట్టి అక్కడితో ఫైలు మూసేయకూడదు.

పెద్దవాళ్ళకు వాడే నియమాల్లో పేరున్నది కెనడాలో 2001లో వచ్చింది. దాని ప్రకారం 65 నిండడమే స్కాన్‌కు ఒక కారణం. రెండు అంతకంటే ఎక్కువ వాంతులు, రెండు గంటలైనా పూర్తి తెలివి రాకపోవడం, పుర్రె అడుగు విరిగిన గుర్తులు, అంటే కళ్ళ చుట్టూ లేదా చెవి వెనక నల్లగా కమలడం, ముక్కులోంచో చెవిలోంచో నీళ్ళలా కారడం, మిగతా వాటిలో ముఖ్యమైనవి. మంచి నియమమే. కానీ అది దెబ్బకు స్పృహ తప్పినవాళ్ళకు, తికమకపడ్డవాళ్ళకు, ఆ క్షణం గుర్తులేనివాళ్ళకు రాసింది. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళను అందులో చేర్చుకోలేదు. మన ఇళ్ళల్లో తాతగారు తెల్లవారుజామున బాత్రూంలో పడతారు. చూసినవాళ్ళు లేరు. స్పృహ తప్పిందా అంటే "లేదురా, నేనే లేచాను" అంటారు. అలా చెప్పడానికి ఆయనకు గుర్తుండాలి కదా. ఎవరూ చూడని పడటాన్ని స్పృహ తప్పిన పడటంగానే లెక్కించాలని నేనంటాను. తాగి పడ్డవాళ్ళకూ ఇంతే. మగతను మందు మీదికి నెట్టి తెల్లారిందాకా పడుకోబెట్టిన ఇళ్ళల్లో ఆ తెల్లవారడం బాగుండదు.

ఇంత చెప్పాక ఊరట కలిగించే సంగతి ఒకటి చెప్పాలి. వారాల మీద నిండిన ఆ పాత రక్తాన్ని తీయడం మెదడు ఆపరేషన్లలో చిన్నవాటిలో ఒకటి. పుర్రెకు ఒకటో రెండో చిన్న రంధ్రాలు పెట్టి, నల్లని నూనెలా ఉన్న ద్రవాన్ని కడిగేస్తారు. వయసు మీరినవాళ్ళకు పూర్తి మత్తు లేకుండా, అక్కడ మాత్రం తిమ్మిరెక్కించి కూడా చేస్తారు. కేంబ్రిడ్జ్‌లో జరిగి 2009లో అచ్చయిన పరీక్షలో, తీసిన చోట రెండు రోజులు సన్నటి గొట్టం ఉంచితే మళ్ళీ రక్తం చేరడం వందలో 24 నుంచి 9కి దిగింది. అప్పటినుంచి ఆ గొట్టం ఆనవాయితీ. ముందు రోజు కొడుకు పేరు తప్పు చెప్పిన మనిషి మర్నాడు కాఫీలో పంచదార తక్కువైందని గొడవ పడటం ఈ ఒక్క ఆపరేషన్ తర్వాత తరచు కనిపిస్తుంది. వేళకు వెళ్ళినవాళ్ళకే అది.

వెళ్ళేటప్పుడు ఎటు వెళ్ళాలన్నది ముందే తేల్చుకోవాలి. రాత్రి సీటీ నడవని చోటికి, మెదడు శస్త్రవైద్యుడు లేని చోటికి ముందు పోయి, అక్కడినుంచి ఇంకో చోటికి రాయించుకోవడంలో గంట పోతుంది. ఉప్పల్ చౌరస్తా రద్దీలో గంటన్నర. ఫోన్ చేసి ఈ రెండూ ఉన్నాయా అని అడగండి, లేదా 108కి చెప్పండి. లేపినా లేవని మనిషిని, మూర్ఛ వచ్చినవాణ్ణి, ఒక కంటిపాప పెద్దదైపోయినవాణ్ణి స్కూటరు మీద మధ్యన కూర్చోబెట్టి తీసుకుపోకండి. ఒక కాగితం మీద ఈ విషయాలు రాసుకుపోండి: ఎన్ని గంటలకు, ఎంత ఎత్తునుంచి పడ్డారు, వాంతులు ఏయే వేళకయ్యాయి, చివరిసారి పూర్తిగా ఎప్పటిలా ఉన్నది ఎన్నింటికి, వాడే మాత్రలేమిటి. మాత్రల పేర్లు రాకపోతే షీట్లే సంచీలో వేసుకోండి.

పిల్లాడికి స్కాన్ అక్కర్లేదని ఇంటికి పంపితే ఆ రాత్రీ మర్నాడూ జాగ్రత్తగా చూసుకుంటే చాలు. ప్రమాదం ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి అది మొదటి ఆరు గంటల్లోనే బయటపడుతుంది. తాతగారికి ఆ రోజు స్కాన్ బాగుందన్నా, గోడమీది క్యాలెండర్‌లో, పాలవాడి లెక్కా గ్యాసుబండ తేదీ రాసుకునే చోట, ఆయన పడిన తేదీకి చుట్టూ ఒక సున్నా చుట్టండి. అక్కడినుంచి మూడో వారం దగ్గర ఒకటి, ఆరో వారం దగ్గర ఒకటి. ఆ రోజుల్లో ఆయన్ని వరండాలో ఆ చివరినుంచి ఈ చివరికి నడిపించి, ఏ కాలి చెప్పు జారుతోందో చూడండి.